ఆచార్యుల ఇంటర్వ్యూ రికార్డింగ్ నుంచి లిటరేచర్ రివ్యూ నోట్సు: మాటలు, టైములు ఎలా రాసుకుంటున్నారు?

శ్రావణి_రీసెర్చ్
గురజాడ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక రిటైర్డ్ ఆచార్యులతో రెండు గంటల ఇంటర్వ్యూ రికార్డు చేశాను. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఎన్నో నిమిషంలో అన్నారో సహా కావాలంటున్నారు మా గైడ్ గారు. మొత్తం రాయాలా, కావలసిన ముక్కలు చాలా?

కృష్ణాతీరం
ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా? నేను ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన పోయాక వాళ్లబ్బాయి ఒక్క వాక్యం కూడా వాడొద్దన్నాడు. అధ్యాయం సగం తీసేయాల్సి వచ్చింది.

భాస్కర్_ధ్వని
ఆడియో భద్రపరిచే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది, కాబట్టి చెప్తున్నాను. మొత్తం రాయక్కర్లేదు. ఒకసారి ఆసాంతం విని, ఎక్కడ ఏ విషయం వచ్చిందో టైముతో సూచిక వేసుకోండి. పనికొచ్చే చోట్లే అక్షరం పోకుండా రాయండి. oTranscribeలో `Ctrl+J` నొక్కితే టైము దానంతటదే పడుతుంది. ఆయన మాట, మీరు తీసిన సారం, మీ గమనిక ఎప్పుడూ వేరువేరుగా ఉండాలి. మూడూ కలిపి రాస్తే ఆర్నెల్ల తర్వాత ఏది ఎవరి మాటో మీకే తెలియదు. నమూనా ఇస్తున్నాను:

```
acharya_01.wav  00:41:12–00:41:38
మాట: "కన్యాశుల్కం అంటే మనకి, అంటే, 1909లో
  వచ్చిందే. ముందుది ఎవలూ సదవరు."
సారం: అందరూ చదివేది 1909 కూర్పునే.
గమనిక: మొదటి కూర్పు 1897. 1909ది బాగా పెంచి,
  మార్చినది. "ఎవలూ సదవరు"కి అచ్చులో ఆధారం
  వెతకాలి.
```

ఆయన తేదీ తప్పు చెప్పినా మాటలో దిద్దకండి, గమనికలో రాయండి.

లలిత_గుంటూరు
"ఎవలూ సదవరు" అని రాస్తారా? అంత పెద్ద పండితుణ్ణి చదువురానివాడిలా చూపించినట్టు ఉంటుంది. "ఎవరూ చదవరు" అని రాయండి. మధ్యలో ఆ "అంటే" కూడా తీసేయండి.

నాగావళి
లలిత గారూ, మాది శ్రీకాకుళం. మా మాట చదువురాని మాటలా వినిపిస్తోందా మీకు? పాత్రల నోట వాడుక మాట పలికించిన గురజాడ మీద పరిశోధన చేస్తూ ఉత్తరాంధ్ర యాసని దిద్దుతారా?

లలిత_గుంటూరు
నేను అవమానించలేదు. ఆయన అచ్చులో ఎప్పుడూ అలా రాయలేదు కదా. మాట్లాడినది అచ్చేస్తే ఆయనే నొచ్చుకోవచ్చు.

నాగావళి
అయితే ఆయన్నే అడగండి. మీరెవరు నిర్ణయించడానికి?

భాస్కర్_ధ్వని
ఇద్దరూ కాస్త ఆగండి. నోట్సులో విన్నది విన్నట్టే ఉండాలి. థీసిస్‌లో ఎలా వేయాలో ఆయనకి చూపించి తేల్చుకోవచ్చు. "అంటే" తీసేస్తే ఆ చోట [...] పెట్టాలి. ఆయన ఆగిన చోట మాత్రం చుక్కలు వద్దు, (విరామం) అని రాయండి. రెండింటికీ చుక్కలే వాడితే, ఆయన ఆగారో మీరు కోశారో పరీక్షకుడికి తెలియదు.

విజయ్_సిద్ధాంతం
ఇంత శ్రమ దండగ. ఇంటర్వ్యూ లిటరేచర్ రివ్యూలోకి రాదు. ఏపీఏ పద్ధతిలో అది వ్యక్తిగత సంభాషణ, ఆధారాల పట్టికలో పెట్టకూడదు.

మాధవి_లైబ్రరీ
సగమే నిజం విజయ్ గారూ. రికార్డింగ్ మీ దగ్గరే ఉంటే పట్టికలోకి రాదు, వాక్యంలోనే పేరు, తేదీ ఇవ్వాలి. ఆర్కైవ్‌లో చేర్చి ఎవరైనా వినగలిగేలా ఉంటే పట్టికలోకి వస్తుంది. అయినా ఆయన చెప్పిన ప్రతిదానికీ ముందు అచ్చయిన వ్యాసం వెతకండి. దొరికితే రివ్యూలో దాన్నే ఉదహరించాలి. దొరకని మాటలే ఇంటర్వ్యూ పేరున నిలబడతాయి.

రాజు_హెచ్‌సీయూ
నా టైములన్నీ వేరే ప్లేయర్‌లో కొన్ని సెకన్లు తేడాగా వస్తున్నాయి. ఎంపీ3 ఫైలు. ఎందుకలా?

భాస్కర్_ధ్వని
బిట్‌రేట్ మారుతూ ఉండే ఎంపీ3 అయి ఉంటుంది. అలాంటి ఫైల్లో మధ్యకి దూకితే కొన్ని ప్లేయర్లు చోటుని అంచనా వేసి చూపిస్తాయి. టైములు రాయకముందే వేవ్‌లోకి మార్చుకోవాలి:

```
ffmpeg -i interview.mp3 interview.wav
```

రికార్డర్ ఫైలుని ముక్కలు చేస్తే రెండో ముక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే టైము పక్కన ఫైలు పేరు తప్పనిసరి.

శ్రావణి_రీసెర్చ్
అందరికీ ధన్యవాదాలు. ఒకచోట ఆయన "ఇది రాయకమ్మా" అని ఒక సహోద్యోగి గురించి చెప్పారు. ఆ ముక్క కోసేయనా?

భాస్కర్_ధ్వని
కోస్తే తర్వాతి టైములన్నీ జరిగిపోతాయి. కాపీలో ఆ భాగం సెలెక్ట్ చేసి ఆడాసిటీలో `Ctrl+L` కొట్టండి. శబ్దం పోతుంది, నిడివి మారదు. అసలు ఫైలు మాత్రం ముట్టుకోకండి.

కృష్ణాతీరం
అసలు ఫైల్లో కూడా ఉండకూడదు. ఆయన వద్దన్నారు కదా!

మాధవి_లైబ్రరీ
ఆయన వద్దన్నది రాయడం, దాచడం కాదు. శ్రావణీ, ఆయనకి ఫోన్ చేసి ఈ రెండూ విడివిడిగా అడుగు.