బిల్లు 500 పెట్టెలకి, పనికొచ్చినవి 480. పేమెంట్ ఎంతకి పాస్ చేయాలి?

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫ్యాక్టరీ, నేను అకౌంట్స్ చూస్తాను. 500 అట్టపెట్టెలకు, ఒక్కోటి 42 రూపాయల చొప్పున పీఓ ఇచ్చాం. లారీలో 500 వచ్చాయి, కానీ 20 తడిసిపోయాయని స్టోర్స్ వాళ్లు పక్కన పెట్టారు. జీఆర్ఎన్‌లో ‘వచ్చినవి 500, తీసుకున్నవి 480’ అని రాశారు. సప్లయర్ బిల్లు మాత్రం 500కే, 21,000 ప్లస్ జీఎస్టీ.

తమాషా ఏంటంటే, మా సాఫ్ట్‌వేర్ ‘వచ్చినవి’ గడినే చూసి పీఓ, జీఆర్ఎన్, బిల్లు మూడూ సరిపోయాయని ఓకే చేసేసింది! జీఆర్ఎన్ కాగితం చేత్తో తిరగేస్తే దొరికింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు 480కి 20,160, దాని జీఎస్టీ కట్టి, మిగతా 840 డెబిట్ నోట్ వేసి ఆపాలా? లేక సప్లయర్ క్రెడిట్ నోట్ ఇచ్చేదాకా బిల్లు మొత్తం ఆపాలా? ఆ 20 పెట్టెల ఐటీసీ సంగతేంటి? సప్లయర్ రోజూ ఫోన్, ఒకటే టెన్షన్. మీ దగ్గర ఎలా చేస్తారో చెప్పండి.