నోట్స్‌లో పేరు రాశాం, అయినా ఆయనకు తెలియలేదు: ప్రతిసారీ @channel పెట్టాలా?

వేకువ:
మా బృందంలో 14 మందిమి ఉన్నాం. 9 మంది హైదరాబాదులో, 5గురు న్యూజెర్సీలో. గురువారం సాయంత్రం 6:40కి స్లాక్ ఛానెల్‌లో మీటింగ్ నోట్స్ అతికించాం, ఎవరి పనికి ఎదురుగా వారి పేరుతో సహా. తరువాత దాని కిందే థ్రెడ్‌లో డేటాబేస్ స్క్రిప్ట్ గడువును సోమవారం నుంచి శుక్రవారానికి ముందుకు జరిపాం. ఆ స్క్రిప్ట్ రాయవలసిన న్యూజెర్సీ మిత్రుడు తనకు ఏమీ తెలియదన్నారు, రిలీజ్ ఆగిపోయింది. ఇక మీదట ప్రతి నోట్స్‌కూ @channel పెట్టాలని మా మేనేజర్ గారి నియమం. ఇది సరైనదేనా?

గోదారిగట్టు:
నూటికి నూరుపాళ్లు సరైనదే. పదేళ్లుగా బృందాలను నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను: చప్పుడు లేని కబురును ఎవరూ చదవరు. @channel పెడితే ఆన్‌లైన్‌లో ఉన్నవారికీ లేనివారికీ కూడా నోటిఫికేషన్ వెళుతుంది, ఆ తరువాత "నాకు తెలియదు" అనే మాటకు తావుండదు. ఉన్నవారికి మాత్రమే చేరే @here ఇక్కడ చాలదు.

రెండో_షిఫ్ట్:
తావుండదని మీరు సులువుగా అనేశారు. నేను అమెరికా వేళల్లో పనిచేసి తెల్లవారుజామున నాలుగింటికి పడుకుంటాను. మా పాత కార్యాలయంలో ఉదయం పదింటికల్లా ఎవరో ఒకరు @channel కొట్టేవారు. ఒకసారి దేనికోసమంటే, క్యాంటీన్‌లో ఇడ్లీలు అయిపోయాయని. ఆ ఒక్క గుర్తు వాడితే అందరినీ నిద్రలేపినట్టే, అది ఎవరి నిద్రనూ లెక్కచేయదు.

పాత_సర్వర్:
అందరినీ నిద్రలేపుతుందన్న మాట పూర్తిగా నిజం కాదండీ. ఎవరి నోటిఫికేషన్లు ఏ వేళల్లో ఆగాలో స్లాక్‌లో పెట్టుకోవచ్చు, @channel కూడా ఆ వేళల్లో మోగదు. మామూలుగా ఉండే అమరిక రాత్రి పది నుంచి ఉదయం ఎనిమిది వరకు కాబట్టి, మీలా తెల్లవారి పడుకునేవారిని అది కాపాడదు. వేళలు మీరే మార్చుకోవాలి.

వేకువ గారూ, నియమం సంగతి తరువాత చూద్దాం, ముందు ఒక్కటి చెప్పండి. ఛానెల్‌లో ఆ మిత్రుడి పేరు వెనుక రంగు పట్టి ఉందా, లేక చుట్టూ ఉన్న అక్షరాల్లాగే మామూలుగా ఉందా?

చిట్టా:
అసలు నోట్స్ రాసే పని ఎప్పుడూ ఆడవాళ్ల మీదే ఎందుకు పడుతుందో ముందు తేల్చండి. మా దగ్గర మూడేళ్లుగా నేనే రాస్తున్నాను.

వేకువ:
పాత_సర్వర్ గారూ, ఇప్పుడే చూశాను. రంగు లేదు. పట్టిక వరుసలు చెదిరిపోకూడదని మొత్తాన్ని కోడ్ బ్లాక్‌లో పెట్టాను. ఇలా ఉంది (పేరు మార్చాను):

```
పని              ఎవరు      గడువు
DB స్క్రిప్ట్     @kiran    సోమవారం
టెస్ట్ డేటా      @latha    మంగళవారం
```

పాత_సర్వర్:
అనుకున్నదే. కోడ్ బ్లాక్‌లో ఉన్న దేన్నీ స్లాక్ పిలుపుగా తీసుకోదు; అక్కడ @kiran అంటే ఆరు అక్షరాలే, మనిషి కాదు. కోడ్‌లో @తో మొదలయ్యే మాటలు చాలా ఉంటాయి కనుక అలా ఉండడమే న్యాయం. కాబట్టి గురువారం సాయంత్రం ఆయనకు నోటిఫికేషన్ వెళ్లనే లేదు. అప్పుడు న్యూజెర్సీలో ఉదయం, ఆయన కంప్యూటర్ ముందు కూర్చునే వేళే. పేరు సరిగా తగిలి ఉంటే వెంటనే చూసేవారు.

రెండోది థ్రెడ్. అందులో వచ్చే జవాబు ఛానెల్‌లో ఉన్న అందరికీ చేరదు. మొదటి సందేశం రాసినవారికి, జవాబిచ్చినవారికి, అందులో పేరు పెట్టి పిలిచినవారికి, తమంతట తాము థ్రెడ్‌ను ఫాలో అయినవారికి మాత్రమే తెలుస్తుంది. మీ మిత్రుడు వీరిలో ఎవరూ కారు. ఛానెల్ తెరిచినా, సందేశం కింద "2 replies" అన్న చిన్న గీత తప్ప గడువు మారిన సంగతి ఆయనకు కనిపించదు.

గోదారిగట్టు:
అందుకే @channel అంటున్నాను! అది ఉంటే ఈ గొడవే లేదు.

పాత_సర్వర్:
ఉండేది. నోట్స్‌కు @channel పెట్టినా ఆయనకు చేరేది సోమవారం గడువే. మారింది థ్రెడ్‌లో. థ్రెడ్ జవాబులో @channel రాసినా, @here రాసినా అవి ఎవరినీ పిలవవు. అక్కడ ఉన్న దారి, జవాబు పెట్టె కింద "Also send to" అనే గడిలో టిక్ పెట్టి ఆ జవాబును ఛానెల్‌లోకి కూడా పంపడం, లేదా ఆయన పేరును జాబితా నుంచి ఎంచి రాయడం. మీ నియమం జరగని తప్పుకు మందు.

గోదారిగట్టు:
సాధనం తెలిసినంత మాత్రాన మనుషులు తెలిసినట్టు కాదు. పద్నాలుగు మందిలో ఎవరు ఎప్పుడు టిక్ పెడతారని నమ్మమంటారు? అంతకంటే ముఖ్యం, తన పని ఉన్న ఛానెల్‌ను రోజుకొకసారి తెరిచి, కింద జవాబులున్నాయేమో చూసే బాధ్యత ఆయనకు లేదా? నా బృందంలో అయితే ఈ సాకు చెల్లేది కాదు.

రెండో_షిఫ్ట్:
ఇలాంటి మాటతోనే పోయినసారి నా అప్రైజల్ పాడైంది. "థ్రెడ్‌లో ఉంది కదా" అన్నారు. నలభై ఛానెళ్లలో ఏ థ్రెడ్ నాదో నేను ఎలా కనిపెట్టాలి? పని చెప్పేవారు ఒక పేరు రాయరు, వినేవారు మాత్రం ప్రతి గీతనూ విప్పి చూడాలి!

వేకువ:
దయచేసి ఇద్దరూ కాస్త నెమ్మదించండి. నేను మొదట చెప్పనిది ఒకటుంది. థ్రెడ్‌లో గడువు మార్చింది మా మేనేజర్ గారే. ఆ రాత్రి ఆ మిత్రుడికి విడిగా సందేశం పంపనా అని అడిగితే, "వద్దు, రాతలో ఉంది చాలు, రేపు ఎవరైనా అడిగితే చూపించవచ్చు" అన్నారు. @channel నియమం కూడా ఆయన అందుకే తెచ్చారని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

పాత_సర్వర్:
అయితే ఇది నోటిఫికేషన్ల తగవే కాదు. మీరు నోట్స్ పెట్టేది పని అందడానికి, ఆయన పెట్టించేది అందించామని రుజువు ఉండడానికి. రుజువుకు కోడ్ బ్లాకైనా చాలు, థ్రెడ్ అయినా చాలు. పని అందాలంటే ఆ మనిషి పేరు తగలాలి.

గోదారిగట్టు:
రుజువు అక్కర్లేదని అనగలిగేవారు క్లయింటుకు ఎప్పుడూ జవాబు చెప్పుకోనివారే. రిలీజ్ ఎందుకు ఆగిందని అడిగినప్పుడు ఆ మేనేజర్ గారు ఏం చూపించాలి? నేను ఆయన పక్షమే.

రెండో_షిఫ్ట్:
తాను ఎవరికీ చెప్పని గడువును చూపించమనండి.

వేకువ:
ఈ వారం నోట్స్ ఇలా పెట్టాను: పైన మామూలు సందేశంలో ఒక్కొక్క పేరునూ @ కొట్టి, వచ్చిన జాబితాలోంచి ఎంచుకుని, పక్కన ఒక్క వాక్యంలో పని, కింద పట్టిక కోడ్ బ్లాక్‌లోనే. ఐదుగురి పేర్లూ రంగు పట్టాయి, న్యూజెర్సీ మిత్రుడు పావుగంటలో జవాబిచ్చారు. మేనేజర్ గారు మాత్రం చదివినవారందరూ ఆ సందేశానికి టిక్ గుర్తు పెట్టాలంటున్నారు.

పాత_సర్వర్:
పెట్టనివ్వండి. కానీ బుధవారం టిక్ పెట్టి గురువారం థ్రెడ్‌లో గడువు మారితే, ఆ టిక్ అక్కడే ఉంటుందని ఆయనకు ముందే చెప్పండి.

చిట్టా:
ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఎంచి రాసేది మళ్లీ మీరేనా, వేకువ గారూ?

వేకువ:
నేనే.