చివరి రోజు రాసిన చెక్కులు ఐదు వారాలకు క్లియర్ అయితే ఏమనుకోవాలి?

ఆడిటర్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఒక క్లయింట్ బ్యాంక్ రికన్సిలియేషన్ చూస్తున్నాను. లెక్క చక్కగా కలిసింది, కానీ ఇంకా క్లియర్ కాని చెక్కులు 14 చూపారు. రెండు ఏడు నెలల పాతవి. వాటిని తిరిగి సప్లయర్ల బాకీలో కలపమంటే ఒప్పుకున్నారు.

చిక్కంతా మిగతా 12తోనే. అన్నీ సంవత్సరాంతం రోజునే రాసినవి. తర్వాతి స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే ఒక్కటి కూడా ఐదు వారాల లోపు బ్యాంకుకు రాలేదు. చెక్కులు రాసి బీరువాలో పెట్టుకుని, అప్పులు తగ్గినట్టు చూపారని నా అనుమానం. అకౌంటెంట్ మాత్రం "పోస్టు ఆలస్యం" అంటున్నాడు. పన్నెండూ ఆలస్యమేనా?

సప్లయర్లకు అవి ముట్టిన తేదీలు, వాళ్ల స్టేట్‌మెంట్లు కాక ఇంకేం రుజువు అడగాలి?

ఇంకోటి, సంవత్సరాంతం రోజునే రెండో బ్యాంకు లెడ్జర్‌లో జమ చూపిన బదిలీ, మొదటి బ్యాంకు లెడ్జర్‌లో రెండు రోజుల తర్వాత ఎక్కింది. ఒకే డబ్బును రెండుచోట్లా లెక్కపెట్టినట్టే కదా?