అప్‌డేట్: క్లాస్ ప్రెజెంటేషన్‌లో గొంతు వణుకు తగ్గింది

నా పాత ప్రశ్న: "క్లాసులో మొదటిసారి ప్రెజెంటేషన్ ఇవ్వాలి. లేచి నిలబడితే గొంతు వణుకుతోంది, ఏం చేయాలి?"

నిన్న కోఠిలోని మా కాలేజీలో ప్రెజెంటేషన్ అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది పొట్టతో ఊపిరి తీసుకోవడమే. టెన్షన్‌లో భుజాలు లేపి గాలి పీలిస్తే మెడ కండరాలు బిగుసుకుంటాయని, బయటికొచ్చే గాలి నిలకడగా ఉండక గొంతు వణుకుతుందని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు.

రాత్రిళ్లు వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకున్నాను. అది పైకి లేచేలా ముక్కుతో పీల్చి, 'స్స్' అంటూ ఒకే ధారగా వదిలాను. ధార తెగుతోందంటే ఇంకా బిగుతు ఉన్నట్టే. గబగబా చేస్తే తల తిరుగుతుంది, నెమ్మదిగా చేయండి.

నా వంతుకు ముందు బెంచీ మీదే పొట్టపై చెయ్యి పెట్టుకుని, 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదిలాను. ఊపిరి తీసుకున్న వెంటనే మొదటి వాక్యం అందుకున్నాను. గుండె దడ ఉంది గానీ గొంతు వణకలేదు. మిరియాల పాలు, తేనె హాయిగానే ఉన్నాయి, వణుకుకు మాత్రం వాటితో సంబంధం లేదు.