డాలస్‌కీ సిడ్నీకీ ఒకే చీర పోస్టు: ఎన్నిసార్లు పెట్టాలి?

బ్రాడీపేట చీరలు: మాది గుంటూరులో మంగళగిరి చీరల షాపు. ఇన్‌స్టాలో కొనేవాళ్లలో ఎక్కువమంది డాలస్, న్యూజెర్సీ, కొందరు సిడ్నీ. ఒకే పోస్టును వాళ్ల వాళ్ల టైముకు మూడుసార్లు షెడ్యూల్ చేయాలా, ఒక్కసారి పెడితే చాలా?

పటమట పచ్చళ్లు: ఒక్కసారి చాలండీ. పొద్దున 6.30కి పెట్టేయండి. అప్పుడు డాలస్‌లో రాత్రి 8, న్యూజెర్సీలో 9. పిల్లల భోజనాలయ్యి ఫోన్ పట్టుకునే టైము అదే. నేను ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతిలో పెడుతున్నాను, ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. ఏడాదంతా ఇదే టైము పెట్టుకోండి.

కృష్ణలంక: 6.30 మంచి టైమే, కానీ ఏడాదంతా పనికిరాదు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. ఆ రోజు నుంచి మన 6.30కి డాలస్‌లో 7 గంటలే. 8 కావాలంటే ఇక్కడ 7.30కి పెట్టాలి, మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా. అక్టోబర్‌లోనే నెలకు సరిపడా షెడ్యూల్ చేసి పెట్టుకునేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడుతుంది. ఫోన్ మన టైమే పట్టుకుని కూర్చుంటుంది, దానంతట అది జరపదు. సిడ్నీ వాళ్లు ఇంకో దారి. అక్టోబర్ మొదటి ఆదివారం గంట ముందుకు తిప్పుతారు. అక్కడ రాత్రి 8 అంటే మనకు అంతవరకూ మధ్యాహ్నం 3.30, ఆ తర్వాత 2.30. ఒకళ్లకు గంట ఆలస్యంగా, ఇంకొకళ్లకు గంట ముందుగా పెట్టాలన్నమాట.

దుబాయ్ తమ్ముడు: క్యాప్షన్ ఇంగ్లీషులో కూడా రాయండి అక్కా. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం రాదు.

బ్రాడీపేట చీరలు: అదీ ఆలోచిస్తాను తమ్ముడూ. ఇప్పుడు నా టెన్షన్ టైము గురించే.

డాలస్ కోడలు: నా అనుభవం చెప్తాను. ఒక షాపు వాళ్లు మన ఆదివారం పొద్దున పోస్టు పెట్టారు. క్యాప్షన్‌లో "ఈ రోజే ఆఖరు, రాత్రి 12 వరకు ఆఫర్" అని ఉంది. నేను చూసింది శనివారం రాత్రి. ఆదివారం అన్నారు కదా, రేపు తీరిగ్గా చూద్దామని పడుకున్నాను. ఆదివారం సాయంత్రం 5కి డబ్బు కట్టాను. అప్పటికి అక్కడ సోమవారం తెల్లవారుజాము 3.30. ఆఫర్ అయిపోయింది, నచ్చిన చీరా అమ్ముడుపోయింది. డబ్బు వెనక్కి రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ షాపు వాళ్లు మోసం చేశారని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది.

కృష్ణలంక: చూశారా, పోస్టు సరైన టైముకే వెళ్లింది. తప్పంతా క్యాప్షన్‌లో ఉంది. షెడ్యూల్ చేసే పోస్టులో "ఈ రోజు", "రేపు", "రాత్రి 12" అని రాయకూడదు. ఊరి పేరు, వారం పేరు, గంట మూడూ రాయాలి. ఆఫర్ మన ఆదివారం పొద్దున 10కి ముగుస్తుందనుకోండి, వేసవిలో అయితే ఇలా:

"ఆఫర్ ముగిసేది: డాలస్‌లో శనివారం రాత్రి 11.30, న్యూజెర్సీలో శనివారం అర్ధరాత్రి దాటాక 12.30, సిడ్నీలో ఆదివారం మధ్యాహ్నం 2.30, గుంటూరులో ఆదివారం ఉదయం 10."

క్యాప్షన్ కొంచెం పొడుగవుతుంది, ఫర్వాలేదు. కాకపోతే పాత క్యాప్షన్ కాపీ చేసి నవంబర్‌లో వాడకండి, అప్పటికి అమెరికా గంటలూ సిడ్నీ గంటలూ మారిపోయి ఉంటాయి.

ఇక మూడుసార్లు పెట్టే సంగతి. ఒకే చీర పోస్టు మూడుసార్లు వస్తే గుంటూరులో ఉన్నవాళ్లకీ మూడూ కనబడతాయి, విసుగు పుడుతుంది. స్టోరీ అయితే ఎలాగూ 24 గంటలు ఉంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ పెట్టే పనే లేదు. మీ ఇబ్బంది వేరే. చీర ఒక్కటే ఉంటుంది, ముందు చూసినవాళ్లది. 6.30కే అన్నీ పెడితే సిడ్నీలో అప్పుడు పగలు 11, ఆఫీసులో ఉంటారు. సాయంత్రం వాళ్లు చూసేసరికి మంచివన్నీ అయిపోతాయి. వారానికి పన్నెండు చీరలు వస్తే ఎనిమిది పొద్దున పెట్టండి, నాలుగు మధ్యాహ్నం 3.30కి. పోస్టులూ వేరు, చీరలూ వేరు.

పటమట పచ్చళ్లు: నవంబర్ సంగతి నాకు నిజంగా తెలియదండీ, ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. కానీ చీరలు పంచడం నాకు నచ్చలేదు. కొనేది ఎక్కువ డాలస్ వాళ్లయితే నలుగురి కోసం నాలుగు చీరలు ఆపడం దేనికి? పచ్చడి అయితే ఇంకో జాడీ తీస్తాం. ఒక్క పీసు చీర మధ్యాహ్నం దాకా ఆపితే ఆ రోజు అమ్మకం పోయినట్టేగా.

కృష్ణలంక: సిడ్నీ వాళ్లు కొనకపోవడానికి కారణం వాళ్లకు నచ్చకపోవడమా, చూసేలోపే అయిపోవడమా? ఆపి చూస్తేనే తెలుస్తుంది. ఆరు వారాలు చేసి చూడమంటాను.

డాలస్ కోడలు: నాకైతే ఆపడం అన్యాయంగానే ఉంది, మేమే కదా ఎక్కువ కొంటున్నాం. సిడ్నీలో మా చెల్లి మాత్రం మీ మాటే అంటుంది.

బ్రాడీపేట చీరలు: ఈ వారం ఎనిమిది పొద్దున, నాలుగు మధ్యాహ్నం పెడుతున్నాను. వచ్చే శుక్రవారం దాకా షెడ్యూల్ చేసిన క్యాప్షన్లలో రెండింట్లో "రేపే ఆఖరు" అని ఉంది. వాటిని ఇప్పుడే మారుస్తున్నాను.