కేస్ స్టడీలో ప్రత్యామ్నాయాల పోలిక ఎక్కడ పెట్టాలి?

ఎంబీఏ కేస్ స్టడీ ఎడిట్ చేస్తున్నాను. గుంటూరు మిర్చి వ్యాపారి సరుకు ఇప్పుడే అమ్మాలా, ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది విషయం. కేసు లెక్కలివి: క్వింటా ధర 15,000 రూపాయలు, అప్పుపై వడ్డీ ఏడాదికి 12 శాతం, ఆరు నెలల అద్దె క్వింటాకు 450.

సమస్య భాగంలో మొదట ‘సరుకు దాచకపోవడమే సమస్య’ అని ఉంది. అది సమస్య వేషంలో ఉన్న సిఫార్సు. అందుకే ‘ఏప్రిల్‌లో ఎంత అమ్మాలో తేల్చుకోవాలి’ అని మార్చాను. తర్వాత సమస్య, విశ్లేషణ, సిఫార్సు అనే మూడు భాగాలకు తగ్గట్టు వాక్యాలకు మూడు రంగులు వేశాను. రెండు రంగులు పడినవన్నీ ‘కాబట్టి’ ఉన్నవే: ‘వడ్డీ 900, అద్దె 450 కలిపితే ధర 16,350 దాటాలి, కాబట్టి సగం ఇప్పుడే అమ్మాలి.’ ‘కాబట్టి’ దగ్గర విరిచి, ముందు సగం విశ్లేషణకి, వెనక సగం సిఫార్సుకి పంపాను. అక్కడిదాకా బాగానే కుదిరింది.

చిక్కంతా మూడు దారుల పోలికతోనే: అంతా అమ్మడం, అంతా దాచడం, సగం సగం. విశ్లేషణ చివర పెడితే సిఫార్సు ముందే తెలిసిపోతోంది, తర్వాతి భాగం రెండు వాక్యాలకు కుంచించుకుపోతోంది. సిఫార్సులో పెడితే అదే లెక్క మళ్లీ చెప్పాల్సి వస్తోంది. తరుగు, ధర పడిపోయే ప్రమాదం లాంటి కొలమానాలను విడిగా పైన పెట్టి చూసినా పునరుక్తి పోలేదు.

కేసులు దిద్దే అధ్యాపకులు చెప్పండి: ఈ పోలికను మీరు ఏ భాగంలో ఉంచమంటారు?