షిప్ అయిన ఆర్డర్: గుమ్మం దగ్గర వద్దనాలా, తీసుకుని రిటర్న్ పెట్టాలా?

కావలి కుర్రోడు: 3,400కి మిక్సీ ఆర్డర్ పెట్టి డబ్బు ముందే కట్టేశా. మా బజారు కొట్లో అదే మోడల్ 2,900 అన్నారు. క్యాన్సిల్ నొక్కేసరికి షిప్ అయిపోయింది. రిక్వెస్ట్ తీసుకున్నామంటారు, పార్సిల్ మాత్రం వస్తానే ఉంది. ఇంటికొస్తే వద్దనాలా, తీసుకుని రిటర్న్ పెట్టాలా? రెండూ ఒకటేనా?

ఒంగోలు మాస్టారు: ఒకటే. వద్దను, సాయంత్రానికి లెక్క సరి. నేను నాలుగుసార్లు చేశా.

హబ్బు మనిషి: మాస్టారూ, మీవి క్యాష్ ఆన్ డెలివరీ అయ్యుంటాయి. కట్టిందే లేనప్పుడు తిరిగి రావాల్సిందేముంది? ఈయన ముందే కట్టాడు.

నేను సింగరాయకొండలో మూడేళ్లు పార్సిళ్లు తిప్పా. మీరు వద్దంటే మేం ఫోన్‌లో కారణం కొట్టి సంచిలో వేసుకుంటాం. అది హబ్బుకెళ్లి, వచ్చిన దారినే అమ్మినోడికి పోద్ది. ట్రాకింగ్‌లో RTO, అంటే రిటర్న్ టు ఆరిజిన్, అని పడేది అప్పుడే. చాలా కంపెనీలు అది అక్కడికి చేరి స్కాన్ అయ్యాకే డబ్బు వదుల్తాయి. వారం దాటినా కంగారు పడబాకండి.

రిటర్న్ కథ వేరు. ఓటీపీ చెప్పారంటే 'డెలివర్డ్' పడిపోద్ది, సరుకు మీది. ఆ తర్వాత గడువు, కారణం, తీసుకెళ్లడానికొచ్చే కుర్రోడి తనిఖీ. మిక్సీ అయితే సీరియల్ నంబరు, జార్లు, మూతలు, డబ్బా అన్నీ చూస్తాడు. ఒక్కసారి పచ్చడి రుబ్బినా వాసన పట్టేస్తాడు. 'కొట్లో చవగ్గా ఉంది' అనే కారణం జాబితాలో ఉండకపోవచ్చు కూడా. మీకైతే వద్దనడమే మేలు.

దర్గామిట్ట అక్క: నాకు పగిలిన ప్లేట్లు వచ్చాయి. డబ్బా విప్పి చూసి వద్దంటే ఆ అబ్బాయి తీసుకోలేదు. ఇదేం న్యాయం?

హబ్బు మనిషి: అక్కా, మీది వేరే సంగతి. డబ్బా మీ ముందే విప్పి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే తప్ప, సీలు విప్పాక మేం వెనక్కి తీసుకోలేం. పగిలింది కాబట్టి మీరు రిటర్నే పెట్టాలి. ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఒంగోలు మాస్టారు: మరి పోనూరానూ ఖర్చు కోస్తారా? 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం, వాళ్లంతట వాళ్లు రద్దు చేసినప్పుడు వాళ్లూ అట్టాంటి చార్జీ భరిస్తేనే మన దగ్గర రద్దు చార్జీ వేయాలి. కోస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి.

హబ్బు మనిషి: అది రద్దుకి. గుమ్మం దగ్గర వద్దనడం రద్దు కిందికొస్తదా? మా దగ్గరే ఇద్దరు మేనేజర్లు రెండు మాటలు చెప్పేవాళ్లు. ఇంకోటి, మాటిమాటికీ వద్దంటే యాప్‌లో క్యాష్ ఆన్ డెలివరీ తీసేస్తారు మాస్టారూ, చూసుకోండి.

కావలి కుర్రోడు: పొద్దున పార్సిల్ వచ్చింది. నేను పనిలో ఉన్నా. ఓటీపీ నా ఫోన్‌కే వస్తది కాబట్టి చెప్పలేదు, మా అమ్మ వద్దని పంపించేసింది. కానీ యాప్‌లో 'కస్టమర్ ఇంట్లో లేరు' అని పడింది.

హబ్బు మనిషి: రేపు మళ్లీ తెస్తాడు. ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని, వద్దన్నట్టు చాట్‌లో ఇప్పుడే రాసిపెట్టండి. అమ్మకి కూడా మళ్లీ చెప్పండి.